హోటల్ ఓనర్‌కి రీబ్రాండింగ్ ప్రపోజల్ డెక్: తిరుపతి ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా

ఈ మార్గదర్శి ఫ్రీలాన్స్ డిజైనర్ల కోసం. ఊళ్లో ఓ హోటల్‌కి కొత్త రూపు ఇస్తానని అడగబోతున్నారు, ఓనర్ చేతిలో పెట్టడానికి ఒక డెక్ కావాలి. దాన్ని ఏ వరుసలో తయారు చేయాలో, ఏ పేజీలో ఏం ఉండాలో ఒకే ఉదాహరణతో చూద్దాం. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర అరవై సీట్ల శాకాహార హోటల్ అనుకోండి. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం మీల్స్, సాయంత్రం మళ్లీ టిఫిన్. తండ్రి పెట్టిన హోటల్, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు, కానీ గల్లాపెట్టె దగ్గర పెద్దాయన ఇంకా కూర్చుంటారు. పేరులో వెంకటేశ్వర స్వామి ఉన్నాడు, ఈ ఊళ్లో చాలా హోటళ్లకు ఉన్నట్టే. ఇందులో వచ్చే ధరలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ రేట్లు, మీ బోర్డు షాపు రేట్లు వేరుగా ఉంటాయి.

ముందే ఒక మాట చెప్పాలి. ఇలాంటి ప్రపోజల్స్ ఎక్కువగా ఆగిపోయేది డిజైన్ నచ్చక కాదు, మొత్తం ఖర్చు ఎంతవుతుందో ఓనర్‌కి తేలక. మీ ఫీజు డెబ్బై ఐదు వేలు అని రాస్తే, ఆయన మనసులో దాని మీద బోర్డు, మెనూ కార్డులు, కవర్లు, యూనిఫాం అన్నీ పేరుకుంటాయి. ఆ లెక్క మీరు వేసి చూపించకపోతే ఆయనే వేసుకుంటాడు, అదీ భయంతో వేసుకుంటాడు. అందుకే డెక్ అంతా ఆ ఖర్చు పేజీకి దారి తీసేలా ఉండాలి.

మొదటి మెట్టు: డెక్ తెరవకముందు హోటల్ చూడటం

కంప్యూటర్ ముందు కూర్చోకముందే హోటల్‌కి మూడు వేళల్లో వెళ్లండి: తెల్లవారుజామున రైళ్లు దిగే టైంకి, మధ్యాహ్నం భోజనాల రద్దీలో, రాత్రి ఎనిమిది దాటాక. మూడుసార్లూ రోడ్డుకి అవతలి పక్క ఒకే చోట నిలబడి ఫోటో తీయండి. ఈ మూడు ఫోటోలే డెక్‌లో మీకు పెద్ద బలం. పగలు బాగా కనిపించే బోర్డు రాత్రి ట్యూబ్‌లైటు వెలుగులో సగం మాయమవుతుంది. తన హోటల్‌ని రోడ్డు అవతలి నుంచి రాత్రిపూట చూసే అవకాశం ఓనర్‌కి ఉండదు. ఆ టైంకి ఆయన లోపల బిల్లులు కొడుతుంటాడు.

తర్వాత లోపలికి వెళ్లి టిఫిన్ చేయండి, బిల్లు దాచుకోండి, ఒక పార్శిల్ కూడా కట్టించుకోండి. మెనూ కార్డు, గోడ మీద ధరల పట్టిక, క్యూఆర్ స్టాండ్, పార్శిల్ కవర్, గూగుల్ మ్యాప్స్ పేజీ, స్విగ్గీ, జొమాటో పేజీలు ఉంటే అవి, అన్నిట్లో పేరు ఎలా రాసి ఉందో ఒక్కచోట పెట్టుకోండి. ఒకచోట `Sri`, ఇంకోచోట `Sree`, మరోచోట `Shree` కనిపించే అవకాశం చాలా ఎక్కువ. తెలుగులో కూడా బోర్డు మీద ఒక పేరు, బిల్లు మీద ఇంకో పేరు ఉండొచ్చు.

ఇప్పుడు ఓనర్‌తో మాట్లాడండి. మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు లోపు వెళ్లండి, మీల్స్ అయిపోయి సాయంత్రం టిఫిన్ మొదలుకాని సమయం అది. "మీ బ్రాండ్ విజన్ ఏంటి" అని అడిగితే ఆయనకి విసుగొస్తుంది. అడగాల్సినవి వేరు. ఏ పూట టేబుళ్లు ఖాళీగా ఉంటున్నాయి? యాత్రికులు ఎక్కువా, ఊరివాళ్లు ఎక్కువా? తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి వచ్చేవాళ్లు ఏం అడుగుతారు? సగటున ఒక బిల్లు మీద ఖర్చులు పోను ఎంత మిగులుతుంది? చివరి ప్రశ్నకు మొహమాటపడి కచ్చితంగా చెప్పకపోవచ్చు. "సుమారుగా చెప్పండన్నా, లెక్క కోసం" అంటే ఒక అంకె వస్తుంది. మన ఉదాహరణలో 60 రూపాయలు అన్నాడనుకుందాం. దాన్ని రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బయల్దేరేముందు ఇంకో సంగతి తెలుసుకోండి: చివరి మాట ఎవరిది? కొడుకు ఎంత ఉత్సాహంగా ఉన్నా, తండ్రి "ఇప్పుడెందుకురా" అంటే అక్కడితో ఆగిపోతుంది. డెక్ ఆ పెద్దాయన కూడా చదివేలా ఉండాలి. అంటే తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

రెండో మెట్టు: సైజు, రూపం

ఈ డెక్‌ని ప్రొజెక్టర్ మీద ఎవరూ చూడరు. వాట్సాప్‌లో, ఫోన్‌లో చూస్తారు. అడ్డంగా ఉండే మామూలు ప్రెజెంటేషన్ పేజీ ఫోన్‌లో అగ్గిపెట్టంత అయిపోతుంది. నిలువు పేజీ తీసుకోండి, 1080 × 1350 పిక్సెల్స్ సరిపోతుంది. తెలుగు మాటలు 40 పిక్సెల్స్ కంటే చిన్నగా వద్దు. పది పేజీలు దాటించకండి. ఫైల్‌ని పీడీఎఫ్‌గానే పంపండి, పవర్‌పాయింట్ ఫైల్‌గా పంపితే అవతలి ఫోన్‌లో మీ తెలుగు ఫాంట్ లేక అక్షరాలు మారిపోతాయి. దాంతోపాటు ఏ4 కాగితం మీద ఒక రంగుల కాపీ ప్రింట్ తీసి స్వయంగా ఇచ్చి రండి. గల్లాపెట్టె పక్కన పెట్టుకుని పెద్దాయన చదివేది ఆ కాపీనే.

మూడో మెట్టు: మొదటి మూడు పేజీలు ఆయన హోటల్ గురించే

మీ పరిచయం, మీ క్లయింట్లు, మీకొచ్చిన అవార్డులు చివరి పేజీకి వెళ్లాలి. మొదటి పేజీలో ఆయన హోటల్ ఫోటో, పేరు, కింద ఒక్క వాక్యం: "స్టేషన్ నుంచి నడిచి వచ్చేవాళ్లకు మన బోర్డు దూరం నుంచే కనబడాలి." అంతే.

రెండో పేజీ బోర్డుది. ఇక్కడ కొంచెం ఆగాలి, మీకూ ఫ్లెక్స్ షాపుకీ తేడా కనబడేది ఈ పేజీలోనే. బోర్డుల పనిలో వాడే ఒక మోటు లెక్క ఉంది: అక్షరం ఎత్తు ప్రతి అంగుళానికి సుమారు పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు. ఇది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు వేసిన లెక్క. తెలుగులో ఎత్తు కొలవడమే వేరు. "వెంకటేశ్వర" అనే మాటనే చూడండి. "టే" మీద ఏత్వం పైకి లేస్తుంది, "శ్వ" కింద వ వత్తు దిగుతుంది. పై గుర్తు నుంచి కింద వత్తు దాకా పన్నెండు అంగుళాలు ఉన్నా, కన్ను చదివే అసలు అక్షరం అందులో సుమారు సగమే. కాబట్టి దూరం లెక్క వేసేటప్పుడు వత్తులు, గుణింతాలు పోను నడిమి అక్షరాన్నే కొలవాలి.

మన ఉదాహరణ బోర్డు పొడవు 16 అడుగులు, ఎత్తు 4 అడుగులు. అందులో ఎడమ పక్క స్వామి బొమ్మ, కుడి పక్క ఇడ్లీ, దోసె ఫోటోలు, కింద రెండు ఫోన్ నంబర్లు, పైన "శుచి, రుచి", మూలన "ఏసీ కలదు". పేరుకి మిగిలింది నడిమి అక్షరం 4 అంగుళాలు. అంటే 40 అడుగుల దాకానే తేలిగ్గా చదవొచ్చు. స్టేషన్ వైపు నుంచి వచ్చే మనిషి ఎటు వెళ్లాలో తేల్చుకునే మలుపు 80 అడుగుల దూరంలో ఉందనుకుందాం. అక్కడికి కనబడాలంటే నడిమి అక్షరం 8 అంగుళాలు ఉండాలి, వత్తులతో కలిపి 16 అంగుళాలు. బోర్డు ఎత్తు 48 అంగుళాలు కాబట్టి పేరుకి 16 ఇచ్చినా ఇంగ్లీషు, తమిళం వరుసలకు, చుట్టూ ఖాళీకి చోటు ఉంటుంది. కొత్త ఫ్రేమ్ అక్కర్లేదు, ఫోటోలు, ఫోన్ నంబర్లు తీసేస్తే చాలు. ఆ మలుపు దగ్గర మీరు తీసిన ఫోటో, దాని పక్కన ఈ మూడు అంకెలు పెట్టండి: 40 అడుగులు, 80 అడుగులు, 8 అంగుళాలు. పెద్దాయనకు అది చాలు.

మూడో పేజీ పేరుది. తిరుపతిలో స్వామి పేరుతో హోటళ్లు చాలా ఉండటం వల్ల ఒక చిక్కు ఉంది. మ్యాప్స్‌లో వెతికితే అదే పేరుతో వరుసగా వస్తాయి. ఒకరి మీద కోపంతో రాసిన రివ్యూ ఇంకొకరి పేజీలో పడుతుంది, ఒక చోటికని బయల్దేరిన ఆటో ఇంకో చోటికి పోతుంది. ఆయన పేజీలో అలాంటి రివ్యూ ఒక్కటి దొరికినా స్క్రీన్‌షాట్ తీసి, రాసినవాళ్ల పేరు చెరిపేసి, ఈ పేజీలో పెట్టండి. దొరక్కపోతే ఈ వాదన వదిలేయండి, పేరు మూడు స్పెల్లింగుల్లో ఉన్న ఫోటోలు చాలు.

నాలుగో మెట్టు: ఏం మార్చము

ఇది చాలామంది డిజైనర్లు అసలు రాయని పేజీ. నా లెక్కలో ఖర్చు పేజీ తర్వాత ఇదే ముఖ్యం. రీబ్రాండింగ్ అనగానే తండ్రి పెట్టిన పేరు తీసేస్తారేమో, స్వామి బొమ్మ తీయమంటారేమో అని ఓనర్ గుండెల్లో టెన్షన్ ఉంటుంది. నాలుగో పేజీలో సూటిగా రాయండి: పేరు మారదు. స్వామి బొమ్మ రోడ్డు బోర్డు మీద నుంచి లోపలికి, గల్లాపెట్టె వెనక ఎత్తైన చోటికి వస్తుంది, ఎండకీ దుమ్ముకీ దూరంగా. పాతికేళ్లుగా జనం గుర్తుపట్టే రంగు ఏదైనా ఉంటే అదే ఉంటుంది.

పేరు మార్చకపోవడానికి మనసుతో సంబంధం లేని కారణం కూడా ఉంది, అదీ రాయండి. పేరు మారితే ఫుడ్ సేఫ్టీ లైసెన్స్, జీఎస్టీ రిజిస్ట్రేషన్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్, బ్యాంకు ఖాతా, క్యూఆర్ పేమెంట్ పేరు అన్నీ మార్చుకోవాలి. దాని బదులు ఉన్న పేరుకి గుర్తుపట్టే రెండో మాట ఒకటి చేర్చి, దాన్నే అన్నిచోట్లా ఒకే స్పెల్లింగుతో వాడదామని ప్రతిపాదించండి. అది వీధి పేరు కావచ్చు, ఇంటిపేరు కావచ్చు, జనం ఇప్పటికే వాడే పిలుపు కావచ్చు. ట్రేడ్‌మార్క్ మాట వస్తే, హోటళ్లు 43వ తరగతిలోకి వస్తాయి. స్వామి పేరు ఒక్కదాని మీదే హక్కు సంపాదించడం కష్టం, ఆ రెండో మాట, దాన్ని రాసిన తీరు కలిసి ఉంటేనే దరఖాస్తుకి బలం. వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు, ఇది మీ ఫీజులో లేదని ఒక్క లైను రాయండి.

ఐదో మెట్టు: లోగో చూపించకుండా దారి చూపించడం

"ఒక లోగో చేసి చూపించు బాబూ, నచ్చితే మాట్లాడుకుందాం" అనడం మామూలే. చేయకండి. డబ్బు సంగతి ఒక కారణం. ఇంకో కారణం, లోగో కనబడగానే మాటలు రంగు మీదికి, ఆకు బొమ్మ మీదికి వెళ్లిపోతాయి, బోర్డు కనబడటం లేదన్న అసలు విషయం పక్కకు పోతుంది. ఐదో పేజీలో పూర్తయిన డిజైన్ బదులు దారి చూపించండి: పేరుని రెండు మూడు ఫాంట్లలో, ఒకే రంగులో, ఒకే సైజులో.

తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు కూడా అవసరమైన ఊరు కాబట్టి, ఈ లిపులన్నీ ఒకే కుటుంబంలో ఉన్న ఫాంట్ ఒకటైనా చూపండి. `Anek Telugu` అలాంటిది, దానికి తమిళం, కన్నడం, దేవనాగరి, లాటిన్ తోబుట్టువులు ఉన్నాయి. బొద్దుగా, దూరం నుంచి కనబడేలా కావాలంటే `Ramabhadra` పెట్టి చూడండి. రెండూ ఉచిత లైసెన్సువి, ఓనర్ విడిగా ఫాంట్ కొనక్కర్లేదు, ఆ మాట పేజీలో రాయండి. నమూనాలు తయారుచేసేటప్పుడు ఇలస్ట్రేటర్‌లో వత్తులు విడిపోయి పక్కకు పడితే, టైప్ సెట్టింగుల్లో భారతీయ లిపుల ఆప్షన్ ఆన్ చేయండి. ఒక వత్తు తప్పు పడ్డ పేజీ పంపితే ఓనర్ దాన్నే చూస్తాడు, మిగతాది చదవడు.

ఆరో మెట్టు: ఏమేం ఇస్తారు, ఎప్పుడిస్తారు

ఆరో పేజీలో ఇచ్చేవాటిని వస్తువుల పేర్లతో రాయండి: బోర్డు డిజైన్, మెనూ కార్డు, గోడ ధరల పట్టిక, బిల్లు పైభాగం, పార్శిల్ కవర్, యూనిఫాం మీది గుర్తు, మ్యాప్స్ పేజీకి ఫోటోలు. "బ్రాండ్ ఐడెంటిటీ సిస్టమ్" అని రాస్తే దేనికి డబ్బిస్తున్నాడో ఆయనకు తెలియదు. బిల్లు దగ్గర ఒక జాగ్రత్త: 2022 జనవరి 1 నుంచి హోటల్ బిల్లు మీద 14 అంకెల ఫుడ్ సేఫ్టీ లైసెన్స్ నంబరు ఉండాలి, మీ కొత్త డిజైన్‌లో అది పోకూడదు. బోర్డు ఫైల్‌లో అక్షరాలను ఔట్‌లైన్ చేసి ఇస్తారని కూడా రాయండి. ఫ్లెక్స్ షాపుల్లో ఇంకా పాత అను ఫాంట్లతో పని నడుస్తుంటుంది, మీ యూనికోడ్ తెలుగు అక్కడ అలాగే తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

ఎన్నిసార్లు మార్పులు చేస్తారో రాయండి, రెండు విడతలు న్యాయం. ఫోటోగ్రఫీ, ప్రింటింగ్, బోర్డు బిగింపు మీ పనిలో లేకపోతే లేవని అక్కడే చెప్పండి.

ఏడో పేజీ తేదీలు. మొత్తం ఆరు వారాలు అనుకుంటే, బోర్డు మార్చే రోజు బ్రహ్మోత్సవాల్లోనో వైకుంఠ ఏకాదశి రద్దీలోనో పడకుండా చూడండి. వేసవి సెలవులూ అంతే. ఆషాఢంలో కొత్త బోర్డు ఎక్కించడానికి చాలామంది ఒప్పుకోరు, పని అంతా ఆ నెలలో చేసి శ్రావణంలో మంచిరోజు చూసి బోర్డు పెట్టడం కుదురుతుంది. ముహూర్తం గడి ఖాళీగా వదిలి, "మీరు చెప్పే రోజు" అని రాయండి.

ఏడో మెట్టు: ఖర్చు పేజీ

ఈ పేజీలో రెండు గడులు. ఒకటి మీ చేతికి వచ్చేది, రెండోది బోర్డు షాపుకీ ప్రెస్సుకీ వెళ్లేది. రెండో గడి నింపాలంటే ముందే బోర్డు షాపు, ప్రెస్సు దగ్గర కొటేషన్ రాయించుకోండి, నోటిమాట అంకె వేయకండి.

మన ఉదాహరణలో మీ ఫీజు 75,000. బోర్డు 64 చదరపు అడుగులు, ఏసీపీ షీటు మీద లైటు వెలిగే యాక్రిలిక్ అక్షరాలు, చదరపు అడుగు 900 చొప్పున 57,600. మెనూ కార్డులు 40, ఒక్కోటి 120 చొప్పున 4,800. పనివాళ్లు 18 మంది, టీషర్టు 350 చొప్పున 6,300. బయటి ఖర్చు 68,700, మొత్తం 1,43,700. పార్శిల్ కవర్లు ఇందులో కలపలేదు. పాత స్టాకు అయిపోయాక వేయించుకునే కొత్త వాటి మీద కొత్త డిజైన్ వస్తుంది, ఖర్చు ఎలాగూ ఆయన పెట్టేదే. ఆ మాట పేజీలో రాయండి, ఓనర్ ఊపిరి పీల్చుకుంటాడు.

దాని కిందే ఆయన చెప్పిన 60 రూపాయలు వాడండి. 1,43,700ని 60తో భాగిస్తే 2,395 బిల్లులు. ఏడాదికి పంచితే రోజుకు ఏడు బిల్లుల లోపు. పెట్టింది ఏడాదిలో తిరిగి రావాలంటే రోజూ ఇప్పటికంటే ఏడు బిల్లులు ఎక్కువ పడాలి అని రాయండి. పడతాయని మాట ఇవ్వకండి. వ్యాపారం పెరగడం వంట మీద, సీజను మీద కూడా ఉంటుంది. రోజుకి ఏడు సాధ్యమా కాదా అన్నది మీకంటే ఆయనకే బాగా తెలుసు, ఆ నిర్ణయం ఆయనకే వదిలేయండి.

పన్నుల సంగతి ఇక్కడే తేల్చండి, తర్వాత తగాదా వచ్చేది దీని మీదే. మీ ఏడాది ఆదాయం 20 లక్షల లోపు ఉండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే, బిల్లు 75,000 మాత్రమే. రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం, అంటే 13,500 కలిసి 88,500 అవుతుంది. మామూలు వ్యాపారులు ఈ పన్నును తిరిగి సర్దుకుంటారు. కానీ 5 శాతం జీఎస్టీ కట్టే హోటల్‌కి ఆ ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. ఆ 13,500 ఆయనకు నిజమైన ఖర్చే, కాబట్టి పైనున్న మొత్తంలో కూడా కలపాలి. ఇంకోటి టీడీఎస్. హోటల్ ఒక ఫర్మ్ లేదా కంపెనీ అయినా, వ్యక్తి పేరు మీదే ఉండి గత ఏడాది టర్నోవర్ కోటి దాటినా, వృత్తి ఫీజు ఏడాదికి 50,000 మించితే 10 శాతం పట్టుకుని చెల్లించాలి. 75,000లో 7,500 తగ్గి వస్తుంది, అది మీ పాన్ మీద జమ అవుతుంది. ఆయన ఆడిటర్‌తో ముందే మాట్లాడుకుంటే డబ్బు ఇచ్చే రోజు గొడవ ఉండదు.

ఎనిమిదో మెట్టు: షరతులు, మీ పరిచయం

విడతలు 40, 40, 20 శాతంగా పెట్టుకోండి: మొదలుపెట్టేటప్పుడు 30,000, డిజైన్ ఓకే అయ్యాక 30,000, ఫైల్స్ ఇచ్చేటప్పుడు 15,000. చివరి విడతని బోర్డు ఎక్కించే రోజుతో ముడిపెట్టకండి. ముహూర్తం వాయిదా పడితే మీ డబ్బూ వాయిదా పడుతుంది.

హక్కుల గురించి రెండు వాక్యాలు చాలు, కానీ సరిగ్గా రాయాలి. ఫ్రీలాన్సర్ గీసిన లోగో కాపీరైట్ దానంతట అది హోటల్‌ది అయిపోదు, సంతకంతో రాసిస్తేనే బదిలీ అవుతుంది. ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకే లెక్కిస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే "పూర్తి డబ్బు అందిన రోజు నుంచి శాశ్వతంగా, అన్ని దేశాలకు" అని రాయండి. ఐదేళ్ల తర్వాత కొడుకు చెన్నైలోనో సింగపూర్‌లోనో బ్రాంచి పెడితే మీ ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

పదో పేజీ మీది: పేరు, ఫోన్, చేసిన పనుల్లో మూడు. హోటల్ పని లేకపోతే బోర్డు ఉన్న ఏ షాపు పనైనా పెట్టండి, దూరం నుంచి తీసిన ఫోటోతో. కింద కొటేషన్ ఎప్పటి దాకా చెల్లుతుందో తేదీ వేయండి. బోర్డు సామాను ధరలు మారుతుంటాయి, 30 రోజులు మించి మాట ఇవ్వకండి.

తొమ్మిదో మెట్టు: ఇచ్చాక వచ్చే మాటలు

"ఫ్లెక్స్ షాపులో డిజైన్ ఫ్రీగా చేస్తారు కదా" అంటే వాదించకండి. ఆ షాపు ఫ్లెక్స్ అమ్ముతుంది కాబట్టి డిజైన్ ఫ్రీ, అందులో తప్పేం లేదు. "వాళ్లతో చేయించినా సరే అన్నా, నడిమి అక్షరం 8 అంగుళాలు ఉండేలా మాత్రం చూసుకోండి" అని రెండో పేజీ చూపించండి. ఆ అంకె ఎలా వచ్చిందని ఆయన తిరిగి అడిగితే పని మీ వైపు వస్తోందని అర్థం. రంగు గురించి మాత్రమే అడుగుతుంటే ఇంకా ఖర్చు పేజీ దాకా రాలేదని అర్థం, కూర్చుని ఆ పేజీ కలిసి చదవండి.

"ఇంత ఇప్పుడు కుదరదు" అంటే ఫీజు తగ్గించకండి, పని తగ్గించండి. ముందే సిద్ధంగా ఉంచుకున్న చిన్న ప్రతిపాదన బయటికి తీయండి: బోర్డు, మ్యాప్స్ పేజీ, ఒకే స్పెల్లింగ్, మీ ఫీజు 30,000. మెనూ, యూనిఫాం, కవర్లు వచ్చే సీజనుకి. బోర్డు షాపుకి వెళ్లే 57,600తో కలిపి 87,600, అదే 60 రూపాయల లెక్కలో 1,460 బిల్లులు, అంటే రోజుకు నాలుగు. ఈ పేజీని పదకొండోదిగా డెక్‌లో కలపకండి, విడిగా జేబులో ఉంచుకోండి. రెండూ ఒకేసారి కనబడితే పెద్దదాన్ని ఎవరూ చదవరు.